మేనేజరు గారి ఫ్రెంచి

మెదక్‌లో మా రైస్‌మిల్లు విదేశాలకు బియ్యం అమ్మాలనుకున్నప్పుడు, ఈమెయిళ్ల కింద పెట్టే సిగ్నేచర్ పని మేనేజరుకూ నాకూ పడింది. ఆయన తన పేరు కింద ‘ఎగుమతుల మేనేజర్’ అని కొట్టాడు. ఫోన్ నంబరుకు ముందు +91 పెట్టి, దాని వెనకాల సున్నా కూడా ఉంచాడు.

“+91 ఉన్నంక సున్నా ఎందుకు సార్? బయటి దేశంకెళ్లి చేస్తే ఫోన్ కలవది,” అని పోట్లాడి తీయించాను.

భాషల వరుసలో తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు పక్కన ఫ్రెంచి చేర్చాడు.

“మీకు ఫ్రెంచి ఎప్పుడొచ్చింది?”

“ఇంటర్ల సెకండ్ లాంగ్వేజ్ మేడం! తొంభై ఎనిమిది మార్కులు!”

“మార్కులొచ్చినయి, భాషొచ్చిందా?”

ఆయన వినలేదు. తర్వాతి వారం సెనెగల్ నుంచి ఒక పెద్ద వ్యాపారి మా మెయిల్ కింద ఫ్రెంచి అని చూసి ఫోన్ చేసి, గడగడా ఫ్రెంచిలో మొదలుపెట్టాడు. సున్నా తీసిన పుణ్యం! మొదటి ఆర్డర్ పోతుందన్న భయంతో మేనేజరు పరీక్షకు బట్టీపట్టిన ‘నా పిల్లి’ ఫ్రెంచి వ్యాసం మొత్తం అప్పజెప్పాడు. అవతలి మనిషి పగలబడి నవ్వి, ఇంగ్లీషులోకి దిగి బేరం కుదుర్చుకున్నాడు.

ఆర్డర్ మెయిల్ చివర, “మీ పిల్లి కులాసాయేనా?” అని అడిగాడు.

“ఫ్రెంచి తీసేద్దాం మేడం.”

“తీసేద్దాం గానీ, ముందైతే ఒక పిల్లిని తెచ్చుకోండ్రి సార్. మళ్ల అడుగుతడు!”