మా అమ్మ గిట్ల లేదు

ఆబిడ్స్‌లో ఒక ఫోటో స్టూడియో మేడమీద కూర్చుని పదిహేనేళ్లుగా గోపాలరావు చేస్తున్న పని ఊళ్లోవాళ్ల ముఖాలు బాగుచెయ్యడం. సూదిలా చెక్కిన పెన్సిల్‌తో నెగెటివ్ మీద చుక్కలు పెడితే ప్రింటులో ఆ చోటు తెల్లబడుతుంది, మచ్చలన్నీ పోతాయి. తెనాలి నుంచి వచ్చిన కొత్తలో నేర్చుకున్న విద్య. దానికి మించిన విద్య లేదని ఆయన నమ్మకం.

నాంపల్లి జయమ్మ చచ్చిపోయిన తల్లి ఫోటో తెచ్చింది. అరచేతిలో పట్టేంతది, ఇంట్లో ఉన్నది అదొక్కటే.

"ఆదివారం ఏడాది నిండుతది. పెద్దగ చేసియ్యి, పటం కట్టిస్త."

ఆ ఫోటోకే మళ్లీ ఫోటో తీసి, ఆ నెగెటివ్‌తో పెద్దది చేసిచ్చాడు. ఆవిడ చాలాసేపు చూసి తల అడ్డంగా ఊపింది. "మా అమ్మ గిట్ల లేదయ్యా."

రంగు తక్కువైంది కాబోలనుకుని ముఖమంతా ఇంకో చాయ తెల్లబరిచాడు. "గది కాదు," అంది. నగలు లేక వెలితిగా ఉందేమోనని ప్రింటు మీద కుంచెతో రెండుపేటల గొలుసు వేశాడు. శనివారం వచ్చి అదీ చూసింది.

"నేను రంగు అడగలే, గొలుసు అడగలే. ఏంది తప్పో నాకు చెప్పస్తలేదు. నా చిన్న ఫోటో నాకియ్యి. పటం లేకుండనే చేసుకుంట."

గోపాలరావుకి తనమీద తనకే అసహ్యం వేసింది. ఛీ, ఏం బతుకు! కాదు కాదని ఆమె మొత్తుకుంటుంటే, ప్రతిసారీ తాను వడ్డించింది తనకు తెలిసిన ఆ ఒక్క అందమే కదా, గిన్నె మార్చి!

"కూర్చోండమ్మా. రంగు జోలికీ నగల జోలికీ ఇక పోను. నేనే తప్పుగా అనుకున్నాను," అన్నాడు.

చిన్న ఫోటో, మొదటి ప్రింటు పక్కపక్కన పెట్టి, కాగితంతో కళ్లు మాత్రం కనబడేలా కప్పాడు. "ఇక్కడ మీ అమ్మేనా?"

"ఔ."

కాగితం జరిపాడు. "నోరు?"

"ఔ."

బుగ్గల దగ్గరికి వచ్చేసరికి జయమ్మ వేలు ప్రింటు మీద ఆగింది. "ఇక్కడ. ఇక్కడ కాదు. గీ నున్నగున్నది మా అమ్మది కాదు."

చిన్న ఫోటోలో అక్కడ మశూచి మచ్చలున్నాయి. ఆయన ఎవరినీ అడక్కుండా, చేతి అలవాటుగా, మొట్టమొదట పూడ్చింది వాటినే. దూదిని టర్పెంటైన్‌లో ముంచి నెగెటివ్ మీది పెన్సిలంతా తుడిచి, మళ్లీ ప్రింటు వేశాడు. తడి ప్రింటు మీద మచ్చలు తేలుతుంటే జయమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నాకు అమ్మవారు పోసినప్పుడు ఎవ్వరూ దగ్గరికి రాలే. ఈమెనే ఒళ్లో పెట్టుకున్నది. గప్పుడే ఈమెకూ పోసింది."

గోపాలరావు అప్పుడు తలెత్తి ఆవిడ ముఖం చూశాడు. అవే మచ్చలు. ఇన్నిసార్లు ఎదురుగా వచ్చిన మనిషి, తాను చూడనేలేదు.