ఐదూ అర్జెంటే

ఆసుపత్రులు వాడే సాఫ్ట్‌వేర్‌ను పరీక్షించడం ఆమె ఉద్యోగం. పన్నెండేళ్లుగా ఏ పనినీ కాదనలేదు. ఆ మంచితనం మీదే కంపెనీ బరువులు పెంచుతూ పోయింది. ఈ వారం ఐదు పనులు, ఐదింటికీ ‘అర్జెంట్’ ముద్ర. నిన్న హడావిడిలో, మందు మోతాదు చూపే తెరను సగమే చూసి పూర్తయిందని రాసేసింది. ఈ ఉదయం తనే గుర్తించింది.

ఐదు పనులూ, ఒక్కోదానికి పట్టే గంటలూ కాగితం మీద రాసుకుని టీమ్ లీడ్ దగ్గరికి వెళ్లింది.

“ఏంటమ్మా, కష్టాల చిట్టానా?” అన్నాడతను నవ్వుతూ.

“కాదు సార్. శుక్రవారం దాకా నాకున్నవి ఇరవై నాలుగు గంటలు, వీటికి కావాల్సినవి నలభై. మోతాదు తెర నిన్న సగమే చూశాను, తప్పు నాదే. ముందు దాన్ని పూర్తిచేసి, రిపోర్టుల పని వచ్చే వారానికి జరుపుదామా?”

“అన్నీ అర్జెంటే కదమ్మా!”

“అయితే ఏది ఆగాలో మీరే చెప్పండి. ఎవరూ చెప్పకపోతే ఆ భారం రోగి మీద పడుతుంది సార్.”

అతను నవ్వు ఆపి కాగితం అందుకున్నాడు. ఆ ముద్రలన్నీ వేర్వేరు రోజుల్లో తను వేసినవే; ఒక్కచోట చూడటం ఇదే మొదలు. రిపోర్టుల పని కొట్టేసి, క్లయింటుకు ఫోన్ చేశాడు.

“రిపోర్టులు వచ్చే వారం సార్. నేనే ఆపించాను,” అని చెప్పాడు.

ఆమె తన కుర్చీకి వెళ్లి, మోతాదు తెరను మొదటి గడి నుంచి మళ్లీ చూడసాగింది.