నూజెండ్లకు సున్నా వాన

మా ఊళ్లో పదేళ్లుగా చినుకే పడలేదని కంప్యూటర్ చెప్పిన రోజు నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. మాది నూజెండ్ల. నరసరావుపేటలో ఒక కాలేజీలో పీహెచ్‌డీ చేస్తున్నాను. తొలకరి తర్వాత వానలు ముఖం చాటేసే బెట్ట నుంచి కంది తప్పించుకోవాలంటే ఎప్పుడు విత్తాలన్నది నా పని. దానికి మూడు చోట్ల వాన వివరాలు కావాలి: బెల్లంకొండ, రెంటచింతల, నూజెండ్ల. మొదటి రెండూ చక్కగా వచ్చాయి. నేను ఏరికోరి పెట్టుకున్న మూడోదానికి మాత్రం నెలనెలా సున్నా. గ్రాఫ్ మీద గీత నేలను కరుచుకుని పడుకుంది.

మా గైడ్ గారు స్క్రీన్ వైపు చూసి పెదవి విరిచారు. "ఆ చోటికి డేటా లేదమ్మా. వదిలెయ్. రేపు రివ్యూలో రెండూళ్లే చూపిద్దాం."

వదిలెయ్యడమా! నేను ఎంచుకున్న పొలాల్లో కాలవ నీళ్లు ఎరగక వాన మీదే బతికేవి నూజెండ్లవే. అవి పోతే నా థీసిస్‌కు ప్రాణం పోయినట్టే. సార్ ముందు తలూపి వచ్చాను గానీ లోపల ఉడికిపోతున్నాను.

పక్క సీటు అక్క నాకు సీనియర్. వాళ్ల నాన్నకు పేటలోనే ట్రాక్టర్ మెకానిక్ షెడ్డు ఉంది. "ఏందే, మొహం అట్టా మాడ్చుకున్నావ్?" అంది. చెప్పాను. "నెలవారీ మొత్తాలు చూసి ఏడిస్తే ఏం లాభం? ఇంజను ఇప్పి చూడు. రోజువారీ అంకెలు చూశావా?"

చూడలేదు. మా NetCDF ఫైలంటే దేశాన్ని గడులుగా కోసి, ఒక్కో గడికి రోజుకో వాన అంకె పెట్టిన దస్త్రం. పైథాన్‌లో xarray అనే లైబ్రరీతో దాన్ని తెరిచి, ఇంత అక్షాంశం, ఇంత రేఖాంశం, దగ్గర్లో ఉన్న గడి ఇవ్వమని sel అనే ఆజ్ఞలో method="nearest" పెట్టి అడగాలి. ఆ ఒక్క చోట ఏళ్ల తరబడి పడ్డ వాన వరసగా వస్తుంది. నేను దాన్ని వెంటనే నెలలవారీగా కూడేశాను. ఇప్పుడు ఆ కూడిక తీసేసి చూస్తే అవి సున్నాలే కావు. అన్నీ nan, అంటే విలువే లేదని. కూడేటప్పుడు xarray వాటిని పక్కన పెడుతుంది. నెలంతా అవే అయితే కూడటానికి ఏమీ లేక సున్నా చేతిలో పెడుతుంది.

అయితే సార్ అన్నదే నిజమా? అసలు నాకిచ్చిన గడి ఎక్కడిదో చూద్దామని దాని అక్షాంశ రేఖాంశాలు అడిగాను. ముప్పై ఎనిమిదిన్నర, అరవై ఆరున్నర అని వచ్చింది. మ్యాపు తెరిచి చూస్తే ఆఫ్ఘనిస్తాన్ దాటి అవతల!

"ఒసేయ్, మీ ఊరిని అక్కడికి ఎప్పుడు తోలారే!" అని అక్క పొట్ట పట్టుకుని నవ్వింది.

నూజెండ్ల పొలాల పాయింట్‌ను నేను మ్యాపింగ్ ల్యాబ్ నుంచి తెచ్చుకున్నాను. మ్యాపులు గీసేవాళ్లు X ముందు, Y తర్వాత చెబుతారు. అంటే రేఖాంశం ముందు. మిగతా రెండూళ్లవి ఫోన్‌లో చూసి రాసుకున్నాను, అక్కడ అక్షాంశం ముందు. అలా మా ఊరి డెబ్బై తొమ్మిది అక్షాంశం స్థానంలోకి, పదహారు రేఖాంశం స్థానంలోకి వెళ్లి కూర్చున్నాయి. అంత ఉత్తరాన, అంత పడమట ఆ ఫైల్లో గడులే లేవు. లేదని చెప్పొచ్చుగా? చెప్పదు. దగ్గర్లోది ఇమ్మన్నావుగా అని ఫైలు వాయవ్య మూలలో చిట్టచివరి గడి తెచ్చి పడేసింది.

అంకెలు అటూ ఇటూ మార్చి నడిపాను. జూన్‌లో గీత లేచింది. బెట్ట రోజుల్లో పడి, మళ్లీ లేచి, అక్టోబరు దాకా ఎగిరెగిరి పడింది. "వచ్చిందే! వానొచ్చిందే!" అని నేను అరిచిన అరుపుకు వరండాలో పోయేవాళ్లు లోపలికి తొంగి చూశారు. అక్క నన్ను వాటేసుకుంది. అంతటితో ఊరుకోకుండా, పావు డిగ్రీ దాటి దూరమైతే గడి ఇవ్వొద్దని tolerance పెట్టి, పాత తప్పు అంకెలతో మళ్లీ నడిపించాను. ఈసారి KeyError, అంటే అలాంటి గడి లేదని ఎర్రగా మొత్తుకుంది. ఎర్రరు చూసి అంత సంబరపడింది జీవితంలో అదే మొదలు.

సార్‌కు గ్రాఫ్ చూపిస్తే స్లైడ్లలో పెట్టమన్నారు. మర్నాడు రివ్యూలో బయటినుంచి వచ్చిన ఎగ్జామినర్ గారు నూజెండ్ల గ్రాఫ్ దగ్గర ఆపి, "ఈ మూడో ఊరు ఎందుకమ్మా? రెండు చాలవా?" అన్నారు. నేను నోరు తెరిచేలోపే మా సార్ లేచి నిలబడ్డారు.

"అది తీసేస్తే చెప్పడానికి ఏమీ మిగలదండీ. నిన్న నేనే తీసెయ్యమన్నాను. ఈ అమ్మాయి నా మాట వినలేదు కాబట్టి బతికిపోయాం."