నేను మార్చిన మూడో వాక్యం

ప్రొద్దుటూరులో చేనేత చీరలు ఎగుమతి చేసే ఆఫీసులో నాకు ఇంగ్లీషు ఉత్తరాల పని. విదేశంలో మా సరుకు అమ్మే సహోద్యోగి ఒకామె ఉండేది. ఆమెకు తెలుగు రాదు. చేనేత గురించి మన పత్రికల్లో సంపాదకీయం వస్తే నాలుగు వాక్యాల్లో రాసి పంపమనేది. నీ అభిప్రాయం వద్దు, రాసినాయన ఏమన్నాడో అదే చాలు అని మొదటి రోజే చెప్పింది. రెండేళ్లు అలాగే రాశాను.

ఒక ఉదయం వచ్చిన సంపాదకీయంలో, మరమగ్గం గుడ్డను జమ్మలమడుగు చేనేత పేరుతో అమ్ముతున్నారని రాసినాయన మూడు పేరాలు ఉతికి ఆరేశాడు. అసలు సంగతి నాలుగో పేరాలో ఉంది. దొంగ ముద్ర వేసేది వ్యాపారులు, నేతగాళ్లు కాదు. మగ్గం మగ్గానికీ వెళ్లి చూసుకోండి గానీ, కొనడం ఆపి వాళ్ల కడుపు కొట్టకండి అన్నాడు.

నేనూ నాలుగు వాక్యాలు రాశాను. మొదటిది ఆరోపణ, రెండోది ఆయన చూపిన ఉదాహరణలు, మూడోది తప్పెవరిదంటున్నాడో, నాలుగోది ఏం చేయమంటున్నాడో. పంపబోతుంటే మా యజమాని చదివి చెప్పమన్నాడు.

"ఏందమ్మా, వ్యాపారులంటే ఎవురు? మనమే గదా! మన నెత్తిన మనమే మన్ను పోసుకుంటామా? కొంతమంది నేతగాళ్లు అని మార్చు. ఆ ఆఖరుది తీసెయ్."

"ఆయన అట్ల రాయలేదన్నా."

"ఆయమ్మకు తెలుగొస్తాదా ఏంది?"

రాదు. అందుకే కదా నన్ను నమ్మింది! మార్చి పంపాను. ఉద్యోగం పోతుందని భయపడ్డానని తర్వాత చెప్పుకున్నాను గానీ, యజమాని గొంతు కూడా పెంచలేదు. సారాంశమే కదా అనుకున్నాను. ఛీ!

సాయంత్రానికి జవాబు వచ్చింది. చాలా స్పష్టంగా రాశావని మెచ్చుకుంది. ఈ దొంగ ముద్రల సంగతి తేలేదాకా జమ్మలమడుగు మగ్గాల చీరలు వద్దు, అందాకా మీ గోడౌన్ సరుకు పంపండి అంది. మా యజమాని ఆఫీసులో అందరికీ టీ తెప్పించాడు.

ఆ మగ్గాల్లో ఒకటి మా అమ్మ తమ్ముడిది. నెల తర్వాత వెళ్తే మగ్గం మీద నూలు పోగు లేదు. పక్క గోడకు ఆ సంపాదకీయం కత్తిరించి అంటించుకున్నాడు.

"చూసినావా పాపా, మనకోసం శానా గట్టిగా రాసినాడు. ఆడ మీ మేడంకు ఇది చెప్పినావా?"

"చెప్పినా మామా."

"ఆయన రాసినట్టే చెప్పినావా?"

తల ఊపాను. అంత సులభంగా ఊగింది నా తల. తప్పు సరిదిద్దుతూ ఒక్క మెయిల్ రాస్తే పోయేది, అదీ నేను రాయలేదు.

మామ గోడ మీద లేచిన కాగితం అంచును వేలితో అదిమాడు.

"అంత చెప్పినా ఆపేసిందంటే, ఆయమ్మ మంచిది కాదులే పాపా" అన్నాడు.