మూడు గాట్ల కట్ట

తొందరపెట్టేవాళ్ళంటే అప్పలనర్సమ్మకి ఒళ్ళుమంట. బిలాస్‌పూర్ తెలిపారా పేటలో, ఒక ఇరుకు సందు చివర ఉన్న ఆవిడ చెక్కల దొడ్డికి ఎవరైనా వచ్చి "వచ్చే నెలలోనే గృహప్రవేశమండీ, తలుపులు కావాలి" అన్నారో, కళ్ళజోడు మీంచి ఒక్క చూపు చూసి, "తొందర మీకుంది గాని సెక్కకి లేదు కదా బావూ" అనేది. వాళ్ళు మొహం మాడ్చుకుని వెళ్ళిపోయేవారు. నాలుగు రోజులకి మళ్ళీ వచ్చేవారు. రాకేం చేస్తారు? రైల్వే కాలనీలోని తెలుగువాళ్ళలో సగం మంది ఇళ్ళకి ఆవిడ దొడ్డిలో చేసిన తలుపులే. వాటికి పురుగు పట్టదని, వానాకాలం బిగుసుకోవని, ఎండాకాలం పగుళ్ళివ్వవని ఊరంతా చెప్పుకునేది. ఆవిడ బతుకంతా ఆ ఒక్క మాట మీదే నడుస్తోంది.

ఆవిడ పెనిమిటి అప్పారావు రైల్వే క్యారేజీ షెడ్డులో వడ్రంగి. డ్యూటీ దిగాక ఇంటి దగ్గర తలుపులు చేసేవాడు. ఉలి పట్టడం అతని వంతు, చెక్కని ఆరబెట్టడం ఈవిడ వంతు. పెళ్ళై వచ్చిన కొత్తల్లో ఆవిడ, "ఏటీ, సెక్కకి కూడా స్నానాలూ బరువులు తూయడాలూనా?" అని పకపకా నవ్విన మనిషే. ముప్పై ఏళ్ళు గడిచేసరికి అప్పారావే ఆవిణ్ణి అడిగి పలక ముట్టుకునేవాడు.

ఆవిడ పద్ధతి చెప్పడానికి తేలికే, చెయ్యడానికే ఓపిక కావాలి. కలప డిపోలో కొన్న టేకు దుంగల్ని కోయించి, పలకలు ఇంకా పచ్చిగా ఉండగానే వెలిగారం, బోరిక్ పొడి కలిపిన వేడినీళ్ళ తొట్టెలో ముంచుతుంది. గోధుమరంగు చేవ జోలికి పురుగు సాధారణంగా రాదు. అంచుల్లోని తెల్లచెక్కే దానికి విందుభోజనం. ముంచినంత మాత్రాన మందు లోపలికి పోదు. ఆ తడి పలకల్ని ఒకదానిమీద ఒకటి సందులేకుండా పేర్చి, పైన తిర్పాల్ పట్టా కప్పి, గాలి చొరకుండా నెలా నెలన్నర ఉంచాలి. చెక్కలో ఉన్న తడిని పట్టుకుని మందు మెల్లిగా నడిమిదాకా పాకుతుంది. ఈలోగా పైన ఆరిపోయిందా, అది అక్కడే ఆగిపోతుంది. వాన తగిలిందా, కడుక్కుపోతుంది.

ఆ తరవాతే ఆరబెట్టడం. నీడలో, పలకకీ పలకకీ మధ్య సన్నటి కర్రపుల్లలు పెట్టి, పుల్ల మీద పుల్ల నిట్టనిలువుగా వచ్చేలా పేరుస్తుంది. పుల్లలు అటూ ఇటూ అయితే పలక నడుం వంగుతుంది. కొసలు త్వరగా ఆరి చీలిపోతాయని వాటికి రంగు పూస్తుంది. కట్ట నెత్తిన బండరాళ్ళు పెడుతుంది. ప్రతి ఆదివారం ఒక నమూనా పలకని కాటాకి తగిలించి, బరువు సుద్దముక్కతో దానిమీదే రాస్తుంది. వరసగా మూడు వారాలు అంకె కదలకపోతేనే ఆ కట్ట తమ్ముడు శివాజీ చేతికి వెళుతుంది. అప్పారావు పోయాక తలుపులు చేసేది శివాజీయే. ఏ తలుపు ఏ కట్టలోదో తెలియడానికి దాని పై అంచున ఉలితో చిన్న గాట్లు పెట్టడం కూడా ఆవిడ పెట్టిన రివాజే.

మొన్న భాద్రపదంలో ఒక పొద్దున్న తిరుమలరావు స్కూటరేసుకుని దొడ్డిలోకి వచ్చాడు. ఆయన రిటైరైన లోకో పైలట్, అప్పారావుకి ప్రాణస్నేహితుడు. తెలుగువాళ్ళ సంఘం కొత్తగా కట్టుకుంటున్న హాలుకి పన్నెండు తలుపులు ఈవిడ దగ్గరే చేయించాలని కమిటీలో పట్టుబట్టినవాడు కూడా ఆయనే.

"చెల్లెమ్మా, ఒక్కసారి మా ఇంటికి రావాలి. దేవుడి గది తలుపు కింద పొడి రాలుతోంది. మా పెరట్లో చెదలున్నాయి కదా, అవే లోపలికి వచ్చాయేమో" అన్నాడు.

పొడి అనగానే అప్పలనర్సమ్మ చేతిలో పని ఆపేసింది. చెదకి పొడి రాలదు. మట్టి గూడు కడుతుంది. ఆ ముక్క పైకి అనలేదు. చెప్పులేసుకుని స్కూటరెక్కింది. అర్పా నది వంతెన దాటి సర్కండాలో ఆయన ఇంటికి చేరారు.

తిరుమలరావు భార్య సీతాలక్ష్మి గుమ్మంలోనే కళ్ళొత్తుకుంటోంది. "దేవుడి గదికే ఇలా అయిందేటి వదినా? ఏ అపచారం జరిగిందో మా వల్ల!" అంది.

అప్పలనర్సమ్మ తలుపు ముందు గొంతుక్కూర్చుంది. నేలమీద మైదాపిండి లాంటి మెత్తటి పొడి. తలుపు మీద గుండుసూది తలకాయంతేసి గుండ్రటి చిల్లులు. ఎక్కడా మట్టి గీత లేదు. చిల్లులన్నీ అంచు చట్రంలో ఉన్న తెల్లచెక్క చారలోనే. పక్కనున్న చేవ నున్నగా ఉంది. ఇది చెద కాదు, చెక్కపురుగు. తను మందు పెట్టిన చెక్కకి రాకూడని పురుగు.

"ఒక స్టూలు ఇలా తే వదినా."

స్టూలెక్కి తలుపు పై అంచు తడిమింది. ఒక గాటు. రెండు. మూడు. చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"చెదలే అంటావా?" కిందనుంచి తిరుమలరావు అడిగాడు. "చెదలకి మందు కొట్టేవాడు వచ్చి చూసి, గచ్చంతా తవ్వి మందు పొయ్యాలంటున్నాడు. నువ్వు ఊఁ అంటే రేపే మొదలెట్టించేస్తాను. తలుపు సంగతి తరవాత చూసుకుందాం. నీ చెక్కకి వంక పెట్టడానికి నాకు నోరెలా వస్తుంది?"

చూశారా, మంచివాళ్ళతో వచ్చే చిక్కే ఇది. తిట్టేవాడైతే ఎదురు తిట్టి బయటపడొచ్చు. ఈయన తప్పంతా తన పెరటి మీద వేసుకుని, పైగా ఆవిడకి క్షమాపణ చెబుతున్నట్టు నిలబడ్డాడు. ఆవిడ తల ఊపితే చాలు. పేరు నిలుస్తుంది, హాలు తలుపులు నిలుస్తాయి. పోయేదల్లా ఈయన గచ్చు. ఊపేద్దామనే అనిపించింది కూడా. అబద్ధమెందుకు, ఆ స్టూలు మీద నిలబడ్డంతసేపూ అదే అనిపించింది.

స్టూలు దిగింది. "గచ్చు తవ్వించకన్నయ్యా. ఇది సెద కాదు. నా సెక్కకే పురుగు పట్టింది."

"అరే! నీ చెక్కకా?"

"ఈ కట్టకి మందు పట్టలేదు. ఎందుకు పట్టలేదో నాకు తెలుసు."

కూర్చోమన్నా కూర్చోలేదు. నిలబడే చెప్పింది. మూడు వానాకాలాల కిందట, ఈ పలకల్ని మందులో ముంచి తిర్పాల్ కింద పెట్టిన వారానికి అప్పారావు పోయాడు. పెద్దకర్మ నాడు ఒకటే వాన. వంట గాడిపొయ్యిలు ఆరిపోతున్నాయి, భోజనాలకి వచ్చినవాళ్ళు తడిసిపోతున్నారు. ఎవరో కట్ట మీది తిర్పాల్ లాగి వంటవాళ్ళ నెత్తిన కట్టారు. ఆ రోజూ, ఆ రాత్రీ పలకలు నిలువునా నానిపోయాయి. మందంతా కాలవలోకి పోయింది.

"నాను గదిలో మూల కూకున్నాను. కిటికీలోంచి సూత్తూనే ఉన్నాను. పెనిమిటి పోయిన ఆడది బయటికొచ్చి సెక్కల గురించి అరవకూడదు కదా. సరే, ఆ రోజంటే అరవలేదు. నెల తిరిగాక బయటికొచ్చాను. పైనంతా ఎండిపోయి ఉంది. మళ్ళీ తడిపి, మళ్ళీ ముంచి, మొదట్నించీ సెయ్యాల. తెలుసు. తొట్టె దాకా ఎళ్ళాను. ఆ తొట్టె ఆయన కట్టింది. దాన్ని సూడ్డానికే సేతకాలేదన్నయ్యా నాకు. పోనీలే అనుకున్నాను. ఒక్కసారే అనుకున్నాను ఆ మాట."

ఎప్పుడు కూలబడ్డాడో, తిరుమలరావు కుర్చీలో ఉన్నాడు.

"ఆ తిర్పాల్ లాగింది నేనే చెల్లెమ్మా" అన్నాడు.

"తెలుసు."

"తెలిసి మూడేళ్ళూ చెప్పలేదా?"

"ఏటి సెప్తాను? మా ఆయన కోసం తడుసుకుంటూ నువ్వే పరిగెట్టావు. నీకు ఆ కట్ట సంగతి ఏటి తెలుసు? తెలిసిందాన్ని నాను."

ఆయన రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. ఏడుస్తున్నాడని ఆవిడకి తెలుసు, సీతాలక్ష్మికీ తెలుసు. అప్పారావు పోయిన రోజు కూడా కన్నీరు పెట్టని మనిషి.

సాయంత్రం శివాజీ వచ్చి మరలు ఊడదీసి తలుపుని దొడ్డికి చేర్చాడు. ఆ తెల్లచెక్క చట్రం మొత్తం తీసేసి నిఖార్సైన చేవ ముక్క వేస్తే సరిపోతుంది. మిగిలినదానికి పాలిష్ గీకేసి మందు పట్టించాలి. పాలిష్ పైన ఎంత పూసినా లోపలికి దిగదు. రెండు వారాల పని. అక్కడితో అయిపోతే బాగానే ఉండును.

"మూడు గాట్లవి ఇంకా ఐదు తలుపులున్నాయిరా" అంది అప్పలనర్సమ్మ.

శివాజీ ఉలి కింద పెట్టాడు. "అయితే? వాళ్ళెవరూ అడగలేదు కదప్పా. పురుగొచ్చిన నాడు సూద్దాం. రాకనే పోవచ్చు. ఇప్పుడు ఇల్లిల్లూ తిరిగి సెప్పుకుంటే హాలు తలుపులు మనకిత్తారేటి? ఆ పన్నెండే కాదు, ఇంకెవడూ మన సందులోకి రాడు."

"రాకపోవచ్చురా."

"పిచ్చా నీకు?"

"వాళ్ళ తలుపు నుంచి పక్క మంచానికి ఎక్కుద్ది, బీరువాకి ఎక్కుద్ది. సెప్పకుండా అన్నం ఎలా తింటాను?"

శివాజీ ఏదో గొణుక్కుంటూ లోపలికి పోయాడు. అతని కోపం న్యాయమైనదే. ఇద్దరు పిల్లలున్నవాడు.

మర్నాడు ఆవిడ ఆటో కోసం సందు మొదట నిలబడితే, తిరుమలరావు స్కూటరు వచ్చి ఆగింది. "ఎక్కు. ఐదు తలుపుల సంగతీ శివాజీ చెప్పాడు. ఐదిళ్ళూ నేను తిప్పుతాను. తిర్పాల్ సంగతి నేనే చెబుతాను. కమిటీలోనూ చెబుతాను. నింద నా మీద పడనీ" అన్నాడు. ఆవిడ స్కూటరెక్కింది.

మొదటి ఇల్లు ఊరి చివర బోద్రీ వైపు, కోర్టులో పనిచేసే స్వాతిది. తలుపు తీసి, ఎదురుగా వీళ్ళిద్దర్నీ చూసి సంబరపడిపోయింది. "అరే ఆంటీ! ఆయియే, రండి రండి. మీ దర్వాజా ఏక్‌దమ్ బఢియా ఉంది. మొన్న మా ఫ్రెండ్‌కి కూడా మీ నంబరే ఇచ్చాను. మీ లకడీకి పురుగు పట్టదు అని చెప్పాను."

అప్పలనర్సమ్మ గుమ్మం దగ్గరున్న స్టూలెక్కి తలుపు పై అంచు తడిమి దిగింది. మూడు గాట్లూ ఉన్నాయి. కింద ఇంకా పొడి లేదు. ఒక్క చిల్లు కూడా లేదు.

"వాన పడిందమ్మా ఆ రోజు. నేనే..." అని తిరుమలరావు మొదలుపెట్టాడు.

ఆవిడ ఆయన మోచెయ్యి పట్టుకుని ఆపింది.

"పురుగు పట్టదన్న మాట నిజం కాదమ్మా. ఈ తలుపుకి మందు పట్టలేదు" అంది స్వాతితో. "తెలిసే నీకు ఇచ్చాను."