పిండికి సమానంగా పంచదార

మాణిక్యమ్మ చదువుకోలేదు. ఆ సంగతి ఆమెను ఎప్పుడూ బాధించలేదు. లడ్డు చుట్టడం వచ్చిన మనిషికి చదువెందుకని ఆమె నమ్మకం. బెజవాడ పాత ఊళ్లో, కాలువకు ఇవతల నేతవాళ్ల వీధిలో, దసరాకు చౌడేశ్వరమ్మవారి సత్రంలో లడ్లు చేసేది ఆమే. వీధిలో తొంభై గడపలు. గడపకు అయిదు లడ్లు. లడ్డు అయిదు తులాలు తూగాలి. ఒక తులం తగ్గినా నేతవాడు చేత్తో పట్టుకుని చెప్పేస్తాడు. నూలు తూకం తెలిసిన చేతులు అవి.

ఆమె మొగుడు వెంకటప్పయ్య మగ్గం గుంటలో దిగితే అన్నానికి తప్ప పైకి రాడు. పిల్లలు లేరు. ఏడాదిలో మూడువందల అరవై ఒక్క రోజులు ఆమె వెంకటప్పయ్య భార్య. దసరా నాలుగు రోజులు మాత్రం మాణిక్యమ్మగారు. ఆ నాలుగు రోజులూ ఆమె నడక కూడా మారుతుంది.

ఆమె తోడికోడలు బుల్లెమ్మ ఆ నడక చూసి ఓర్వలేదు. పెళ్లయి వచ్చిన ఏడు నుంచీ సత్రం పొయ్యి దగ్గర నిలబడి కిస్‌మిస్‌లకు తొడిమలు తీస్తూ ఉంది. గరిటె మాత్రం చేతికి రాలేదు.

"అక్కకు ఒంట్లో బాగాలేని దసరా ఒక్కటన్నా రాదా?" అని ఆమె పైకే అనేది.

"నేను పోయినా గరిటె నాతోనే వస్తుందే," అని మాణిక్యమ్మ జవాబు.

యుద్ధం వచ్చి పంచదారకు కంట్రోలు పెట్టారు. రెండేళ్లు అమ్మవారికి కొబ్బరికాయలతోనే సరిపెట్టారు. యుద్ధం అయిపోయిన ఏడు, సత్రం కార్యదర్శి సంజీవరావు ఎలాగైనా లడ్లు చేయించాలని పంతం పట్టాడు. అతనిది నూలు కొట్టు. నూలు పర్మిట్ల కోసం తిరిగి తిరిగి ఆఫీసు మెట్లన్నీ పరిచయం. పండగకు పంచదార పర్మిట్టు ఇస్తామన్నారు. ఎన్ని వీశలు కావాలో ఒక్కసారే రాయాలి. తర్వాత మార్చరు.

అతను మాణిక్యమ్మ ఇంటికి వచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

"పిన్నిగారూ, ఆరు వీశల శనగపిండి పోగు చేశాను. పంచదార ఎంత రాయమంటారు?"

మాణిక్యమ్మ ఎన్నడూ ఏదీ తూచలేదు. పాత రోజుల్లో పంచదార బస్తాతో వచ్చేది. ఆమె ఇత్తడి మానికతో పిండి కొలిచేది. అదే మానికతో, పిండి ఎన్ని మానికలైతే పంచదార అన్ని మానికలు తీసుకునేది. మిగిలింది బస్తాతోనే కొట్టుకు తిరిగి వెళ్లేది. వీశల గొడవ ఆమెదాకా రాలేదు. కానీ ఆ మాట చెబితే బుల్లెమ్మ గోడ అవతల వింటుంది.

"సమానం," అంది.

"తూకానికేనా?"

"తూకానికైనా, కొలతకైనా సమానం సమానమేగా నాయనా! అదేమన్నా మారుతుందా?"

సంజీవరావు వేళ్ల మీద లెక్క వేసుకున్నాడు. అతనికి ఏదో పొసగలేదు.

"లడ్లు నాలుగువందల యాభై. అయిదేసి తులాలు. వీశకు నూట ఇరవై తులాల లెక్కన సుమారు పందొమ్మిది వీశలు. పిండి ఆరు, పంచదార ఆరు పెడితే పన్నెండు. మిగతా ఏడు వీశలు ఎక్కణ్ణుంచి వస్తాయండీ?"

"పిండి నెయ్యి తాగదూ? వీశ పిండి అరవీశకు కాస్త తక్కువ తాగుతుంది."

"మూడు అనుకోండి. ఇంకా నాలుగు?"

"పాకంలో నీళ్లుంటాయి."

"నాలుగు వీశల నీళ్లా?"

"మీ నూలుకు గంజి పెడితే బరువు పెరగదా? అప్పుడు ఇన్ని ప్రశ్నలు అడుగుతావా?"

గంజి మాట ఎత్తేసరికి సంజీవరావు లేచాడు. నూలు వ్యాపారి దగ్గర గంజి గురించి ఎవరూ ఎక్కువసేపు మాట్లాడకూడదు. ఆరు వీశల పంచదారకు రాసి ఇచ్చాడు. నెయ్యి నాలుగు వీశలు తెప్పించాడు. బాణలిలో మిగిలింది అమ్మవారి దీపాలకు.

పండగకు ముందు రోజు పొద్దున్నే సత్రంలో పొయ్యి వెలిగింది. మాణిక్యమ్మ పిండి కొలిచింది. పదహారు మానికలు వచ్చింది. చివరి వాయికని ఒక మానిక పక్కన పెట్టి, మిగతాది జారుగా కలిపింది. చిల్లుల గరిటె బాణలి మీద పట్టి, పిండి పోసి, అంచు మీద టకటక కొట్టింది. ముత్యాల్లాంటి బూందీ నేతిలో పడి పైకి తేలింది. కరకరలాడక ముందే తీసేసింది. లడ్డు బూందీ మెత్తగా ఉంటేనే పాకం పీలుస్తుంది.

"చూశావుటే? తోక లేకుండా పడ్డాయి," అంది.

"చూస్తూనే ఉన్నా. పెళ్లయినప్పణ్ణుంచీ చూట్టమే నా పని," అంది బుల్లెమ్మ.

బూందీ అంతా చాప మీద గుట్టగా పోశారు. పాకానికి గుండిగ ఎక్కించి మాణిక్యమ్మ పంచదార సంచి మూతి విప్పింది. మానికతో కొలుస్తూ గుండిగలో పోసింది. ఏడు. ఎనిమిది. తొమ్మిది. సంచి అడుగున మానిక గీసుకుంది. ఆమె సంచి దులిపింది. తిరగేసింది. లోపల తల పెట్టి చూసింది.

"పంచదార ఎవరో తీశారు!" అని కేక పెట్టింది.

సంజీవరావు వసారాలోంచి పరుగెత్తుకొచ్చాడు.

"ఎవరు తీస్తారండీ? సీలు నా ముందే విప్పారు. ఇందాక మళ్లీ తూచాను. ఆరు వీశలకు చిటికెడు తగ్గలేదు."

"అయితే పదహారు మానికలు రావాలిగా? తొమ్మిదే వచ్చాయి. నీ తక్కెడలో ఏదో ఉంది నాయనా."

వ్యాపారిని తక్కెడ మాట అంటే ఊరుకోడు. సంజీవరావు చెవులు ఎర్రబడ్డాయి. కొట్లోంచి నూలు తూచే తక్కెడ తెప్పించి, సత్రం దూలానికి వేలాడదీశాడు. గుండిగలోంచి ఒక మానిక పంచదార ముంచి ఒక తట్టలో పోయించాడు. చివరి వాయికి ఉంచిన మానికెడు పిండి రెండో తట్టలో పోయించాడు.

పంచదార తట్ట దభీమని నేల తాకింది. పిండి తట్ట గాలిలో వేలాడింది.

మాణిక్యమ్మ తట్టల వంక చాలాసేపు చూసింది. అన్నేళ్లుగా తను సమానమన్నది సమానం కాదు. మానికెడు పిండికి దాదాపు రెట్టింపు బరువు పంచదార పోస్తూ వచ్చింది. వీశ పిండికి ఒకటిముప్పావు వీశలు. ఆరు వీశలకు పదిన్నర రాయించాల్సింది.

"తగ్గించి చేస్తే?" అన్నాడు సంజీవరావు, మెల్లగా.

ఆమె కాసింత పంచదారతో చిన్న గిన్నెలో పాకం పట్టి, తూకానికి తూకం బూందీ కలిపి చుట్టింది. అరచెయ్యి తెరవగానే లడ్డు మూడు ముక్కలై రాలింది.

"చిన్నవి చుడితే?"

"గోలీకాయలు చేసి గడప గడపకీ పంచుతావా?"

"పోనీ, సగం బూందీకి ఉప్పూ కారం కలిపితే? కారబ్బూందీ..."

"అమ్మవారి ముందు కారబ్బూందీయా! ఇంకా నయం, మిరపకాయ బజ్జీలు అన్లేదు."

అన్నది గానీ మాణిక్యమ్మ గొంతులో బలం లేదు. చాప మీద బూందీ చల్లారిపోతోంది. రేపు పొద్దున తొంభై గడపలవాళ్లూ చేతులు చాస్తారు. ఆ చేతుల్లో పెట్టడానికి లేకపోతే, వచ్చే దసరాకు ఈ పొయ్యి ముందు తను ఉండదు. మళ్లీ మూడువందల అరవై అయిదు రోజులూ వెంకటప్పయ్య భార్యే.

బుల్లెమ్మ చేతిలో కిస్‌మిస్‌లు కింద పెట్టింది.

"మా ఇంట్లో బెల్లం ఉంది," అంది.

అందరూ అటు తిరిగారు.

"ఉయ్యూరు నుంచి మా తమ్ముడు పంపాడు. చెరకు ఫ్యాక్టరీకి తోలగా మిగిలింది గానుగాడించాడు. దిమ్మ నాలుగు వీశలకు పైనే ఉంటుంది."

"చెరకు మనది, ఫ్యాక్టరీ మన పక్కన, పంచదారకు మాత్రం పర్మిట్టు," అని సంజీవరావు నిట్టూర్చాడు. "తెప్పించమ్మా, పుణ్యం ఉంటుంది."

"తెప్పిస్తా. కానీ బెల్లం పాకం నేను పడతా. పంచదార పాకం తీగ పాకం. బెల్లానిది ఉండ పాకం. అక్కకు చెయ్యి తిరగదు."

"నాకా?" అంది మాణిక్యమ్మ.

"నీకే అక్కా."

మాణిక్యమ్మ తక్కెడ వంక మళ్లీ చూసింది. పిండి తట్ట ఇంకా పైనే ఉంది. ఆమె చేతిలో గరిటెను కొంగుతో తుడిచింది. ఒకసారి కాదు, రెండుసార్లు. ఇచ్చింది.

"అడుగంటనివ్వకు."

"అడుగంటితే నువ్వున్నావుగా అనడానికి."

తక్కెడలోని పిండితో చివరి వాయి కూడా తీసి, రెండో పొయ్యి పెట్టారు. తొమ్మిది మానికల పిండి బూందీ పంచదారకు, మిగతాది బెల్లానికి. బుల్లెమ్మ బెల్లం కరిగించి, గుడ్డలో వడకట్టి, మళ్లీ ఎక్కించింది. గిన్నెడు నీళ్లలో చుక్క వేసి వేళ్లతో కూడదీస్తే మెత్తని ఉండ కట్టింది. బూందీ పోసి తిప్పింది. ఇవతల మాణిక్యమ్మ రెండు వేళ్ల మధ్య పంచదార పాకం సాగదీసి, తీగ తెగకుండా నిలవగానే దించి, బూందీ పోసి మూత పెట్టింది. వేడి చల్లారకముందే ఇద్దరూ నేతి చేతులతో చుట్టసాగారు. ఒకరి పళ్లెం ఒకరు చూడలేదు. చూడలేదని ఇద్దరికీ తెలుసు.

సంజీవరావు ఒక్కొక్క పళ్లెంలోంచి ఒక లడ్డు తీసి తూచాడు. అయిదు తులాలు. పంచదారవి రెండువందల డెబ్బై, బెల్లంవి నూట ఎనభై. గడపకు మూడు పంచదారవి, రెండు నల్లవి.

మర్నాడు వీధి అంతా సత్రం ముందు బారు తీరింది. నల్ల లడ్లు చూసి జనం ముఖాలు చూసుకున్నారు.

"ఇదేంటండీ, ఇది మాడిందా?" అని చివరింటి సాంబమూర్తి అడిగాడు.

"బెల్లందయ్యా. అమ్మవారికి బెల్లం అంటే ప్రాణం," అన్నాడు సంజీవరావు, కళ్లు దించి.

మధ్యాహ్నానికి మాట తిరగబడింది. ఇద్దరు ముగ్గురు పంచదారది ఇచ్చి నల్లది పట్టుకుపోదామని వచ్చారు. సాంబమూర్తి తన మూడు పంచదారవీ పట్టుకొచ్చి అరగంట బేరమాడాడు. బుల్లెమ్మ గడప మీద నిలబడి ఎవరికీ జవాబు చెప్పలేదు. ఆమె నడక కూడా కొంచెం మారింది.

"వచ్చే ఏడు రెండు పొయ్యిలు పెడదాం పిన్నిగారూ," అన్నాడు సంజీవరావు. "చెరొకటి. తూకం నేను చూసుకుంటా."

"కొలత నేను చూసుకుంటా," అంది మాణిక్యమ్మ.

జనం వెళ్లాక ఆమె తన వాటాలోంచి నల్ల లడ్డు ఒకటి తీసింది. రెండుగా విరిచి వెలుతురుకు పెట్టి చూసింది. వాసన చూసింది. సగం నోట్లో వేసుకుని నమిలింది. ఎదురుగా బుల్లెమ్మ నిలబడి ఉంది.

"పాకం ఒక్క రవ్వ ముదిరింది," అంది మాణిక్యమ్మ.

"అయితే ఆ సగం ఇటివ్వు."

మాణిక్యమ్మ ఆ సగం కూడా నోట్లో వేసుకుంది.