ఓడినవాళ్ల మాటలు కంఠతా పట్టిన దైవాధీనం

"ఇంతకీ గెలిచిందెవరయ్యా?"

1961 సెప్టెంబరులో, లా కాలేజీలో చేరిన పదో వారాన, లెక్చరరు కృష్ణమూర్తి గారు దైవాధీనాన్ని క్లాసులో నిలబెట్టి అడిగిన ప్రశ్న ఇది.

అది అల్లం సోడా సీసాలో నత్త వచ్చిన ఇంగ్లండు కేసు. సీసా కొన్నది స్నేహితురాలు, తాగి జబ్బుపడ్డది ఇంకొకావిడ. డబ్బు తీసుకున్న కొట్టువాణ్ణి వదిలేసి, సోడా తయారుచేసినవాడు ఆమెకు జవాబుదారీయా కాదా అన్నది తగాదా. దైవాధీనం లేచి మొదటి జడ్జి గారు చెప్పినదంతా ఏడు నిమిషాల పాటు పొల్లుపోకుండా అప్పజెప్పి, తయారీదారుకి ఏ బాధ్యతా లేదని ముగించాడు. విచారించినవారు ఐదుగురు. ముగ్గురు బాధ్యత ఉందన్నారు. తీర్పులు అచ్చువేసే లా రిపోర్టులో మొట్టమొదట ఉన్నదేమో ఓడిపోయిన అభిప్రాయం. అది కంఠతా వచ్చేసరికి వారం గడిచింది కనుక, మనవాడు రెండో జడ్జి దాకా వెళ్లనే లేదు.

ఇలాంటి తెలివి ఊరికే రాదు, పెంపకం కావాలి. దివిసీమలోని తన ఊళ్లో అతను ఆదివారపు బడిలో బైబిలు వాక్యాలు కంఠస్థం చేసి ఏటేటా బహుమతి కొట్టినవాడు. అక్కడ అచ్చయిన ప్రతి మాటా సత్యమే, ఒకటి ఎక్కువా కాదు, ఒకటి తక్కువా కాదు. లా రిపోర్టునీ అదే భక్తితో తెరిచాడు. వకీళ్ల వాదన, జడ్జి దారిన పోతూ అన్న మాట, ఓడిన అభిప్రాయం, అన్నీ ఒకే చాప మీద కూర్చోబెట్టాడు. వారానికి పన్నెండు కేసులు, రెండు లావుపాటి పుస్తకాలు చదివి రమ్మనేవారు. దసరా నాటికి అతను నలభై ఏడు కేసులు వెనకబడ్డాడు. హాస్టల్లో తక్కినవాళ్లు చదివిన గంటలు చెప్పుకుని మురిసేవారు. చదివిందేమిటని ఎవరూ ఎవర్నీ అడిగేవారు కాదు. అడిగితే మర్యాదగా ఉండదు.

అతన్ని పంపింది ఊరి క్రైస్తవ సంఘం. పెద్దలు పాట పాడి, ప్రార్థించి, మొదటి ఏడాదికి మూడువందలు ఇస్తామని తీర్మానం రాశారు. సగం ముందు. మిగతా సగం డిసెంబరు టర్ము పరీక్ష పాసైనట్టు కాగితం తెస్తేనే. తప్పితే తండ్రి జకరయ్య గారు పాఠాలు చెప్పే మిషను బడిలో పంతులు ఉద్యోగం సిద్ధంగా ఉంది. తండ్రిని చూసినవాడికి ఆ ఉద్యోగం మీద ఆశ ఉండదు.

దసరా సెలవులకి అతను ఊరు వెళ్లలేదు. బందరులో, సెలవులకి తనకు చోటిచ్చిన ప్లీడరు గోవర్ధనరావు గారింటి అరుగు మీద, అద్దెకు తెచ్చుకున్న రిపోర్టు ముందేసుకుని ఊగుతూ కూర్చున్నాడు. అదే అరుగు మీద గుమాస్తా పున్నయ్య ముప్ఫై పేజీల తీర్పు నకలు అందుకుని, ఆఖరి కాగితం తిప్పాడు. తర్వాత మధ్యలో ఒక చోట వేలు పెట్టాడు. తర్వాత ఇంకో రెండు పేరాలు. తాంబూలం నమలడం పూర్తయ్యేలోగా కట్ట కట్టేశాడు.

మొత్తం చదవరేమిటని దైవాధీనం కాస్త ఏవగింపుగానే అడిగాడు.

"మొత్తం దేనికండీ? ఎవడు గెలిచాడో ఆఖర్న ఉంటది. కోర్టు ఏం తేల్చాలనుకుందో ఇష్యూల్లో ఉంటది. ఎందుకలా తేల్చిందో ఆ పేరాలో ఉంటది. మిగతాదంతా మనం నకలు ఖర్చు కట్టిన కాగితం."

"మరి మిగతాది తప్పా?"

"తప్పని ఎవరన్నారు బాబూ. నాకు పనికిరాదన్నాను."

థర్డు ఫారం తప్పిన మనిషి దగ్గర పాఠం నేర్చుకోవడానికి బి.ఏ. గారికి రెండు రోజులు పట్టింది. మూడో రోజు నత్త కేసు వెనకనించి తెరిచాడు. ముగ్గురెవరో, ఇద్దరెవరో విడదీశాడు. జరిగిందేమిటి, ప్రశ్నేమిటి, తేల్చిందేమిటి, ఎందుకు: అరఠావు కాగితంలో సరిపోయింది. సెలవులు అయ్యేసరికి ఇరవై తొమ్మిది అరఠావులు. మిగతా పద్దెనిమిది కేసులు వదిలేశాడు. వాటికోసం ఏ దేవుడూ అతన్ని శిక్షించలేదు.

డిసెంబరు పరీక్షలో లెక్క లాంటి ప్రశ్న వచ్చింది. తండ్రి కొన్న మూత వేసిన పచ్చడి సీసాలో గాజుపెంకు, గొంతు కోసుకుపోయింది కొడుక్కి. కంఠతా పట్టినవాళ్లు నత్త కథ మొదటినుంచీ రాశారు. దైవాధీనం నత్తకి ఒక వాక్యం ఇచ్చి, పచ్చడివాడి మీద బాధ్యత పెట్టి, కారణం చెప్పి ఆపేశాడు. నూటికి నలభై ఆరు. పాసు.

కాగితం ఊరు చేరిన ఆదివారం పెద్దలు ముగ్గురు లేచి, ఇదంతా తమ ప్రార్థనల ఫలమేనని సాక్ష్యం చెప్పారు. పున్నయ్య పేరు అక్కడ ఎవరికీ తెలియదు, తెలిసినా ఎత్తేవారు కారు.

ఆ తర్వాత సంఘం డెబ్బై రూపాయలు పంపింది. దైవాధీనం ఈనాడు అవనిగడ్డలో వకీలు. తీర్మానం ప్రకారం ఇంకా ఎనభై రూపాయలు సంఘం అతనికి బాకీ.